డాలర్లు తగ్గలేదు, రూపాయలు తగ్గాయి: మార్చి 31 నాటి మారకపు లెక్కను సరిచూసేదెలా?

2025 ఫిబ్రవరిలో డాలరు విలువ 87 రూపాయలు దాటింది. మార్చి నెలాఖరుకు అది 85 రూపాయల 50 పైసల దరిదాపులకు దిగివచ్చింది. ఈ మధ్యకాలంలో భీమవరం, కాకినాడ వైపు నుంచి అమెరికాకు రొయ్యలు పంపి, ఇంకా డబ్బు అందని ఎగుమతిదారుల పుస్తకాల్లో ఒక నష్టం పుట్టింది. సరుకు పాడవలేదు. కొన్నవాడు ఎగ్గొట్టలేదు. రావలసిన డాలర్లలో ఒక్కటీ తగ్గలేదు. అయినా మార్చి 31న లెక్కలు కట్టేసరికి ఆ బాకీ రూపాయల్లో చిక్కిపోయింది.

ఇలా వచ్చిన తేడాను పుస్తకాలకు ఎక్కించడాన్నే అకౌంటెంట్లు ఫారెక్స్ రీవాల్యుయేషన్ అంటారు. మన దేశంలో చిన్న, మధ్యతరహా కంపెనీలకు ఏఎస్ 11, లిస్టయిన కంపెనీలకూ ఇతర పెద్ద కంపెనీలకూ ఇండ్ ఏఎస్ 21 ఈ విషయంలో ప్రమాణాలు. ఈ సంగతిలో రెండూ ఒకటే మాట చెబుతాయి. విదేశీ కరెన్సీలో రావలసిన బాకీని ఏడాది చివర ఆ రోజు రేటుతో మళ్లీ లెక్కగట్టాలి. వచ్చిన తేడాను ఆ ఏడాది లాభనష్టాల్లోనే చూపాలి. డబ్బు చేతికొచ్చేదాకా ఆగుదామంటే కుదరదు.

నియమం ఇంతే. చెయ్యాల్సిన ఎంట్రీ కూడా ఒక్క లైనే. కానీ ఆ లైనులో పడిన అంకె నిజమా కాదా అన్నది లెడ్జర్‌ను పైపైన చూస్తే తేలదు. కంప్యూటర్ ఇచ్చిన మొత్తాన్ని అలాగే ఒప్పుకోకుండా, వేరే దారిలో అదే అంకెకు చేరుకోగలమా అని చూడాలి. ఆ దారి పెద్ద కష్టమైనదేమీ కాదు.

ఏ బాకీకి, ఏ రేటు?

మార్చి 31 నాటికి ఇంకా వసూలు కాని డాలర్లకే ఈ లెక్క వర్తిస్తుంది. ఏడాది మొత్తం చేసిన అమ్మకాలను మళ్లీ లెక్కగట్టనక్కర్లేదు. జనవరిలో 86 రూపాయల 50 పైసల రేటుకు రాసిన అమ్మకం ఆ రేటులోనే ఉండిపోతుంది. మారేది బాకీ విలువ మాత్రమే.

ఇక్కడ తరచుగా ఇరుక్కునేది అడ్వాన్స్ దగ్గర. అదే కొనుగోలుదారు తర్వాతి కంటెయినర్ కోసం 20,000 డాలర్లు ముందుగా పంపాడనుకుందాం. ఆ డబ్బుకు బదులుగా ఎగుమతిదారు ఇవ్వాల్సింది సరుకు, డాలర్లు కాదు. కాబట్టి ఆ అడ్వాన్స్ వచ్చిన రోజు రేటులోనే ఉండాలి, దాన్ని రీవాల్యూ చెయ్యకూడదు. ఆర్డరు రద్దయి సొమ్ము వాపసు ఇవ్వాల్సి వస్తేనే అది డాలర్ల బాకీ అవుతుంది. అయితే అడ్వాన్స్, ఇన్వాయిస్ రెండూ ఒకే పార్టీ ఖాతాలో ఉంటే చాలా సాఫ్ట్‌వేర్లు రెండింటినీ కలిపేసి, మిగిలిన నికరానికి రేటు కడతాయి. అక్కడే మొదటి తప్పు పడుతుంది.

ఇక రేటు. ఒకే రోజున ఒక ఎగుమతిదారు బల్లమీద మూడు రకాల డాలరు రేట్లు ఉండొచ్చు. షిప్పింగ్ బిల్లు మీద కస్టమ్స్ రేటు ఉంటుంది. బ్యాంకు డాలర్లను కొనుక్కునే రేటు వేరు. ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా, అంటే ఎఫ్‌బీఐఎల్, రోజూ ప్రకటించే రెఫరెన్స్ రేటు ఇంకొకటి. 2018 జులై వరకు రిజర్వు బ్యాంకే ఈ రెఫరెన్స్ రేటు ఇచ్చేది. ఆ తర్వాత ఆ పని ఎఫ్‌బీఐఎల్‌కు వెళ్లింది. ప్రమాణం ఫలానా చోటి రేటే తీసుకోవాలని పేరు పెట్టి చెప్పదు. బ్యాలెన్స్ షీట్ తేదీ నాటి మార్కెట్ రేటు కావాలంటుంది. అందుకు చాలామంది ఎఫ్‌బీఐఎల్ రేటునే వాడతారు. కస్టమ్స్ రేటు సుంకాల కోసం ఉద్దేశించింది, దాన్ని ఏడాది చివరి లెక్కకు తెచ్చిపెట్టుకోవడం సరికాదు.

తేదీ దగ్గర కూడా ఒక చిక్కుంది. 2024 మార్చి 31 ఆదివారం. అంతకుముందు 29న గుడ్ ఫ్రైడే. 2025 మార్చి 31న రంజాన్ సెలవు. సెలవు రోజున రెఫరెన్స్ రేటు రాదు కాబట్టి ఈ రెండేళ్లలోనూ మార్చి 28 రేటే ఏడాదికి ఆఖరి రేటైంది. ఫైల్లో "మార్చి 31 రేటు" అని రాసి, పక్కన ఏప్రిల్ మొదటి వారం అంకె కనిపిస్తే అనుమానించాలి. జపాన్‌కు అమ్మేవారు మరొకటి గుర్తుంచుకోవాలి: యెన్ రేటును 100 యెన్‌లకు ఇన్ని రూపాయలని ప్రకటిస్తారు. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క యెన్‌కు అని నమోదైతే బాకీ వంద రెట్లవుతుంది. ఆ తప్పు మాత్రం దాగదు, వెంటనే కంటపడుతుంది.

రెండు ఇన్వాయిస్‌ల లెక్క

ఒక రొయ్యల ఎగుమతి కంపెనీని ఊహించుకుందాం. లెక్క తేలికగా ఉండడానికి అంకెలను గుండ్రంగా తీసుకుందాం. ఏడాది మొదట్లో దానికి డాలర్ల బాకీ ఏమీ లేదు. జనవరి 22న 1,20,000 డాలర్లకు మొదటి ఇన్వాయిస్ వేసింది. ఆ రోజు రేటు 86.50. పుస్తకంలో 1,03,80,000 రూపాయలు పడింది. ఫిబ్రవరి 25న లక్ష డాలర్లకు రెండోది వేసింది. రేటు 87.00. పుస్తకంలో 87,00,000 రూపాయలు.

మార్చి 18న మొదటి ఇన్వాయిస్ మీద 80,000 డాలర్లు వచ్చాయి. బ్యాంకు 86.70 చొప్పున 69,36,000 రూపాయలు జమ చేసింది. అవే డాలర్లు పుస్తకంలో 86.50 చొప్పున 69,20,000గా ఉన్నాయి. ఈ 16,000 రూపాయలు చేతికొచ్చిన లాభం.

మార్చి ఆఖరున రేటు 85.50. మొదటి ఇన్వాయిస్‌లో ఇంకా 40,000 డాలర్లు రావాలి. పుస్తకంలో అవి 34,60,000 రూపాయలు, కొత్త రేటుతో 34,20,000. నష్టం 40,000. రెండో ఇన్వాయిస్ 87,00,000 నుంచి 85,50,000కు దిగింది. నష్టం 1,50,000. రెండూ కలిపి 1,90,000 రూపాయలు. ఇది ఇంకా చేతికి రాని బాకీ మీద వచ్చిన నష్టం. చేతికొచ్చిన లాభం 16,000 తీసేస్తే ఏడాది నికర నష్టం 1,74,000.

ట్యాలీలో లెక్కలు రాసేవారికి ఈ మొత్తం మొదట బ్యాలెన్స్ షీట్‌లో `Unadjusted Forex Gain/Loss` అనే లైనుగా కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ తేడాను పట్టుకుంది కానీ, దానికి జర్నల్ ఎంట్రీ ఇంకా పడలేదని ఆ లైను అర్థం. తుది బ్యాలెన్స్ షీట్‌లో అది మిగిలి ఉందంటే నష్టం లాభనష్టాల ఖాతాకు చేరలేదన్నమాట.

తిరగేసి కట్టి చూడడం

ఇప్పుడు లెడ్జర్‌లో పడిన 1,74,000 నిజమేనా అని చూడాలి. ఇన్వాయిస్‌ల వారీగా మళ్లీ అదే కూడిక వేస్తే అదే తప్పు మళ్లీ దొర్లవచ్చు. అందుకే వేరే దారి పట్టాలి. డాలర్ల ఖాతాలో ఏడాది పొడవునా రూపాయల్లో ఏం వచ్చిందో, ఏం పోయిందో మాత్రమే తీసుకోవాలి.

- ఏడాది మొదట నిల్వ: 0
- కలపాల్సింది, రెండు ఇన్వాయిస్‌లు రాసిన రూపాయలు: 1,90,80,000
- తీసేయాల్సింది, బ్యాంకులో జమ అయిన రూపాయలు: 69,36,000
- ఉండవలసిన నిల్వ: 1,21,44,000
- మిగిలిన 1,40,000 డాలర్లు, 85.50 రేటుతో: 1,19,70,000
- తేడా, మారకపు నష్టం: 1,74,000

ఈ లెక్కలో ఏ ఇన్వాయిస్‌కు ఎంత నష్టమో అడగలేదు. చేతికొచ్చిందెంత, రానిదెంత అని విడదీయలేదు. అయినా అదే అంకె వచ్చింది. రాకపోతే ఖాతాలో ఎక్కడో తప్పు ఎంట్రీ ఉన్నట్టే. ఒక్కో కరెన్సీకి ఒక్కో కాగితం చాలు. డాలర్లనూ యూరోలనూ ఒకే కాగితంలో కలిపితే మాత్రం ఒకదాని తప్పును ఇంకొకటి కప్పేస్తుంది.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. రేటే తప్పయితే రెండు దారులూ అదే తప్పు అంకెకు చేరతాయి. 85.50 బదులు 85.05 అని టైపు చేశారనుకుందాం. నష్టం 63,000 రూపాయలు ఎక్కువ కనిపిస్తుంది, కాగితం మాత్రం చక్కగా సరిపోతుంది. అందుకే రేటును సాఫ్ట్‌వేర్ మాస్టర్‌లోంచి కాకుండా ప్రకటించిన పట్టికలోంచి తీసి పక్కన పెట్టుకోవాలి. తేడా కనబడితే దాన్ని డాలర్లతో భాగిస్తే చాలు. 63,000ను 1,40,000తో భాగిస్తే 45 పైసలు. 50కి, 05కి మధ్య దూరం అదే. కారణం అంకెలోనే కనిపిస్తుంది.

ఏప్రిల్‌లో పుట్టే తప్పు

అసలైన గందరగోళం కొత్త ఏడాదిలో, డబ్బు వచ్చాక మొదలవుతుంది. మన కంపెనీకి రెండో ఇన్వాయిస్ తాలూకు లక్ష డాలర్లు మే నెలలో వచ్చాయనుకుందాం. రేటు 85.20. బ్యాంకులో 85,20,000 రూపాయలు జమ అయ్యాయి. పోయిన ఏడాది చివర ఈ బాకీని 85,50,000గా చూపించాం కాబట్టి కొత్త ఏడాది నష్టం 30,000.

కానీ రసీదు ఎంట్రీ వేసే మనిషికి కనిపించేది పాత ఇన్వాయిస్. దాని మీద రేటు 87.00 అని ఉంటుంది. ఆయన 87.00కూ 85.20కూ తేడా చూసి 1,80,000 నష్టం రాస్తాడు. అందులో 1,50,000 పోయిన ఏడాదే రాసేశారు. ఒకే నష్టం రెండేళ్లలో రెండుసార్లు పడింది. ఒక్క ఇన్వాయిస్ మీద నిజంగా పోయింది 1,80,000 అయితే, పుస్తకాలు 3,30,000 పోయిందంటున్నాయి.

దీన్ని తప్పించడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి, పోయిన ఏడాది చివరి విలువనే కొత్త ఆధారంగా పట్టుకుని, దానికీ వచ్చిన సొమ్ముకూ తేడా రాయడం. రెండోది, ఏప్రిల్ 1న రీవాల్యుయేషన్ ఎంట్రీని తిరగేసి, 1,50,000 జమ రాసి, మేలో పాత ఇన్వాయిస్ రేటుతో 1,80,000 నష్టం రాయడం. రెండో దారిలోనూ నికరం 30,000 నష్టమే. సాప్ లాంటి పెద్ద వ్యవస్థలు మామూలుగా ఈ తిరగేసే పద్ధతినే పాటిస్తాయి. రెండూ సరైనవే. ఒకదాని మొదటి సగాన్నీ రెండోదాని చివరి సగాన్నీ కలిపితేనే తప్పు.

ఇది జరిగిందని ఎలా తెలుస్తుంది? కొనుగోలుదారు ఖాతాను రెండు వరుసల్లో, డాలర్లు ఒక పక్క, రూపాయలు ఒక పక్క తీసి చూడాలి. రెండో ఇన్వాయిస్ ఎదుట డాలర్ల వరుసలో సున్నా ఉంటుంది. డబ్బంతా వచ్చేసింది కదా. కానీ రూపాయల వరుసలో 1,50,000 క్రెడిట్ నిల్వ వేలాడుతూ ఉంటుంది. బాకీ 85,50,000 ఉన్న ఖాతాలోంచి రసీదుకు 85,20,000, నష్టానికి 1,80,000 తీసేస్తే అలాగే అవుతుంది. డాలర్లు సున్నా, రూపాయలు సున్నా కాదు: ఈ జంట కనిపించిన ప్రతిచోటా మారకపు ఎంట్రీలో లోపం ఉన్నట్టే. వందల ఇన్వాయిస్‌లున్న కంపెనీలో కూడా ఈ రెండు వరుసలను పక్కపక్కన పెడితే దోషమున్న ఇన్వాయిస్‌లు వాటంతటవే బయటపడతాయి.

ఇంకో ఒరగడ్డ పరీక్ష కూడా ఉంది. ఇన్వాయిస్ రాసిన రోజు నుంచి సొమ్ము వచ్చిన రోజు దాకా, ఎన్ని ఏడాదుల చివర్లు దాటినా, దాని మీద రాసిన లాభనష్టాలన్నీ కూడాలి. ఆ మొత్తం చివరికి బ్యాంకులో పడ్డ రూపాయలకూ మొదట రాసిన రూపాయలకూ ఉన్న తేడాతో సమానం కావాలి. రెండో ఇన్వాయిస్‌కు 1,50,000, 30,000 కలిపితే 1,80,000. 87,00,000లోంచి 85,20,000 తీసేసినా అంతే.

మారకపు నష్టం పేరుతో చొరబడేవి

లెడ్జర్‌లో ఫారెక్స్ నష్టం ఖాతా చాలా చోట్ల చిల్లర తేడాలన్నీ పోసే బుట్టగా మారుతుంది. అమెరికా కొనుగోలుదారు, సరుకు నాణ్యత సరిగా లేదంటూ 2,000 డాలర్లు కోత పెట్టి 98,000 పంపాడనుకుందాం. 85.20 చొప్పున వచ్చింది 83,49,600. పుస్తకంలో ఉన్నది 85,50,000. ఖాతా మూసేయాలన్న తొందరలో 2,00,400 మొత్తాన్నీ మారకపు నష్టంలో రాసేస్తారు.

నిజానికి రేటు వల్ల పోయింది 98,000 డాలర్ల మీద 30 పైసల చొప్పున 29,400 రూపాయలే. మిగిలిన 1,71,000 నాణ్యత క్లెయిమ్, అంటే అమ్మకంలో కోత. ఇది మారకపు నష్టంలో కలిసిపోతే యజమాని డాలరును తిడుతూ కూర్చుంటాడు. సమస్య ప్రాసెసింగ్ ప్లాంటులో ఉందని ఆయనకు తెలియదు.

దీన్ని పట్టుకోవడానికి ఆడిటర్లు వాడే కొలత చాలా తేలిక. నష్టాన్ని డాలర్లతో భాగించాలి. 2,00,400ను లక్షతో భాగిస్తే డాలరుకు రెండు రూపాయల చిల్లర. పోయిన లెక్క నాటి రేటు 85.50, డబ్బు వచ్చిన నాటి రేటు 85.20. మధ్యలో కదిలింది 30 పైసలు. 30 పైసలు కదిలినచోట రెండు రూపాయలు పోయే వీల్లేదు. బ్యాంకు కమీషన్లు, మధ్యలోని విదేశీ బ్యాంకు పట్టుకున్న చార్జీలు కూడా ఇలాగే దొరుకుతాయి. వాటి స్థానం బ్యాంకు ఖర్చుల ఖాతా.

గుర్తు తారుమారయ్యే తప్పు కూడా ఈ భాగహారంలోనే కనిపిస్తుంది. రావలసిన బాకీకి రూపాయి బలహీనపడితే లాభం, బలపడితే నష్టం. చెల్లించాల్సిన బాకీకి ఇది సరిగ్గా ఎదురు. డాలరు 87 నుంచి 85.50కు దిగిన కాలంలో ఎగుమతి బాకీల మీద లాభం కనిపిస్తే, డెబిట్ క్రెడిట్‌లు అటూ ఇటూ అయ్యాయని వెంటనే చెప్పొచ్చు.

మొండి బాకీలను ఈ లెక్కతో కలపకూడదు. కొనుగోలుదారు దివాలా తీసి 40,000 డాలర్లలో సగమే వస్తుందనుకుంటే, మొత్తం 40,000కూ ముందు కొత్త రేటు కట్టాలి. ఆ తర్వాత రాదనుకున్న భాగానికి వేరే ఖాతాలో ప్రొవిజన్ పెట్టాలి. రెండు నష్టాలకూ కారణాలు వేరు, ఖాతాలూ వేరు.

పన్ను విషయంలో ఒకప్పుడు ఒక వాదన ఉండేది. చేతికి రాని నష్టం ఊహాత్మకమని, దాన్ని ఆదాయంలోంచి తగ్గించుకోవడానికి వీల్లేదని పన్ను శాఖ వాదించేది. 2009లో ఉడ్‌వార్డ్ గవర్నర్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. ఏడాది చివరి రేటుతో లెక్కగట్టగా రెవెన్యూ ఖాతాలో తేలిన నష్టాన్ని ఖర్చుగా అనుమతించాలంది. ఆ తర్వాత 2018 ఫైనాన్స్ చట్టం 43ఏఏ సెక్షన్ తెచ్చి మారకపు లాభనష్టాలకు పన్ను లెక్కను చట్టంలోనే పెట్టింది. నష్టం తగ్గినట్టే లాభమూ ఆదాయంలో చేరుతుంది. కాబట్టి రెండుసార్లు పడిన 1,50,000 నష్టం పన్ను కాగితాల్లోకీ పాకుతుంది.

ఇన్ని పరీక్షలు దాటినా ఒకదాన్ని ఇవేవీ పట్టుకోలేవు. డాలర్ల సంఖ్యే తప్పయితే, అంటే ఒక ఇన్వాయిస్ అసలు రాయకపోయినా, వచ్చిన డబ్బును వేరే పార్టీకి జమ చేసినా, మొత్తం లెక్క సజావుగా సరిపోయినట్టే కనిపిస్తుంది. దానికి పుస్తకం బయటి సాక్ష్యం కావాలి. కొనుగోలుదారు నుంచి బాకీ నిర్ధారణ లేఖ ఒకటి. రెండోది బ్యాంకు దగ్గరే ఉంటుంది. ఎగుమతుల సొమ్ము రాకను గమనించడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన ఈడీపీఎంఎస్ వ్యవస్థలో, సొమ్ము ఇంకా రాని షిప్పింగ్ బిల్లుల జాబితా బ్యాంకుకు కనిపిస్తుంది. మార్చి 31 నాటి ఆ జాబితాను తెప్పించి, లెడ్జర్‌లోని 1,40,000 డాలర్ల పక్కన పెట్టి, ఇన్వాయిస్ నంబరు ప్రకారం టిక్కు పెట్టుకుంటూ పోవాలి. జాబితాలో ఉండి లెడ్జర్‌లో లేనిదీ, లెడ్జర్‌లో ఉండి జాబితాలో లేనిదీ ఏదైనా తేలితే, ముందు దాని సంగతి చూసి, ఆ తర్వాతే రేటు కట్టాలి.